ఒక్కరోజే కదా అనకండి, మెయిల్ సరిగ్గా రాయండి

నేను ఇంతకుముందు పనిచేసిన హైదరాబాద్ కంపెనీలో ఒక నెల 31న పేస్లిప్పులు వచ్చాయి, డబ్బులు రాలేదు. మర్నాడు పొద్దున్నే నా పక్క సీటు అతని ఫోన్‌కు బైక్ లోన్ ఈఎంఐ బౌన్స్ అయిందని మెసేజ్ వచ్చింది. 11 గంటలు దాటాక హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్. సారాంశం ఇంతే: ‘బ్యాంకు సాంకేతిక సమస్య వల్ల జీతాలు ఆలస్యమయ్యాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాం.’

అందులో బ్యాంకు అన్న మాటే అబద్ధం. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ‘ప్రాసెస్డ్’ అని కనిపిస్తే జీతాలు లెక్కకట్టడం పూర్తయిందని అర్థం, అంతే. ఆ తర్వాత ఒకరు బ్యాంకు పోర్టల్‌లో ఫైల్ అప్‌లోడ్ చేయాలి, ఇంకొకరు దాన్ని అప్రూవ్ చేయాలి. అప్లోడ్ చేసినవాళ్లే అప్రూవ్ చేయడానికి వీల్లేదు. ఆ రోజు అప్రూవ్ చేయాల్సిన మేనేజర్ సెలవులో ఉన్నారు, ఆయన బదులు చేయడానికి ఇంకెవరికీ హక్కులు ఇవ్వలేదు. ఫైల్ రాత్రంతా పెండింగ్‌లోనే పడి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకే ఈ సంగతి ఫైనాన్స్ వాళ్ల నుంచి క్యాంటీన్ అంతా పాకింది. సాయంత్రం ఇంకో మెయిల్ పంపి మొదటిదాన్ని సరిదిద్దుకోవాల్సి వచ్చింది. జీతం ఆలస్యమైనందుకు వచ్చిన కోపం కన్నా ఆ మొదటి మెయిల్ మీద వచ్చిన కోపమే ఎక్కువ.

చట్టం మాట తీస్తే కంపెనీ తప్పేమీ లేదు. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇస్తే చాలు. ఒక మేనేజర్ ఇదే మాట అన్నాడు కూడా. కానీ ఉద్యోగి నెల నడిచేది కోడ్ మీద కాదు, ఈఎంఐ తేదీ మీద. జీతం 31న పడుతుందనే చాలామంది ఈఎంఐకి 1వ తేదీ పెట్టుకుంటారు. ఈఎంఐని మన ఖాతా నుంచి దానంతట అదే తీసుకునే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, సెలవుల్లోనూ పనిచేస్తోంది కాబట్టి సెలవు వచ్చిందని ఈఎంఐ ఆగదు. ఖాతాలో డబ్బు లేకపోతే మన బ్యాంకు ఒక ఛార్జీ వేస్తుంది, అప్పిచ్చిన సంస్థ విడిగా ఇంకొకటి వేస్తుంది. సాధారణంగా ఒక్కోటీ కొన్ని వందలు, పైన జీఎస్టీ. సాయంత్రానికి జీతం పడినా ఆ డబ్బు వెనక్కి రాదు.

అందుకే ‘చింతిస్తున్నాం’ కన్నా ముందు రాయాల్సిన వాక్యం, ఆ ఛార్జీలు ఎవరు భరిస్తారన్నది. ఆ మెయిల్ నేను రాయాల్సి వస్తే ఇలా రాస్తాను. ఆఫీసు మెయిల్ ఇంగ్లిష్‌లోనే ఉంటుందనుకోండి, విషయం మాత్రం ఇదే:

‘నిన్న పడాల్సిన జీతం పడలేదు. తప్పు మాదే. బ్యాంకులో జీతాల ఫైల్‌ను మేం సమయానికి అప్రూవ్ చేయలేదు. ఈ ఉదయం 10:15కి చేశాం. మన కంపెనీ ఖాతా ఉన్న బ్యాంకులోనే ఖాతా ఉన్నవాళ్లకు ఇప్పటికే పడి ఉండాలి. మిగతావారికి నెఫ్ట్‌లో మధ్యాహ్నం 1లోపు పడుతుంది. అప్పటికీ పడకపోతే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి, మీ బ్యాంకులో ఆ డబ్బు జాడ కనుక్కోవడానికి యూటీఆర్ నంబర్ ఇస్తాం. ఈఎంఐ బౌన్స్ అయి ఉంటే, జీతం పడగానే అప్పిచ్చిన సంస్థ యాప్‌లో కట్టేయండి. రెండు వైపులా పడిన ఛార్జీలు మేం ఇస్తాం. ఛార్జీ కనిపించే ఒక్క లైన్ స్క్రీన్‌షాట్ చాలు. క్షమించండి.’

ఇందులో ఖాతాల సంగతి ఎందుకంటే, ఒకరి ఫోన్ మోగి పక్కవాడి ఫోన్ మోగకపోతే పుకార్లు మొదలవుతాయి. నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా వెళ్తుందని అందరికీ తెలియదు. కంపెనీ ఖాతాలో డబ్బుల్లేవట అనే మాట ఆ రోజు మా ఫ్లోర్‌లో పుట్టింది ఇలాగే. స్క్రీన్‌షాట్ ఒక్క లైనే ఎందుకంటే, మా హెచ్‌ఆర్ మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగింది. నాలుగైదు వందల కోసం నెలంతా ఎక్కడ ఖర్చుపెట్టామో ఆఫీసుకు ఎవరు చూపిస్తారు? చాలామంది అడగనే లేదు. ఖర్చు తప్పిందని కంపెనీ లెక్కేసుకుని ఉంటే అది వేరే సంగతి.

మా రెండో మెయిల్‌లో తప్పు ఒప్పుకున్నారు గానీ, ఏం మారుస్తారో రాయలేదు. మారింది మాత్రం నిజం. తర్వాతి నెల అప్రూవ్ చేసే హక్కు ఇద్దరికి ఇచ్చారు, ఫైల్ 30నే పూర్తయింది. పేస్లిప్ ఇప్పుడు డబ్బు పడ్డాకే వస్తోందని అక్కడే ఉన్న పాత సహోద్యోగి చెప్పాడు.