సవరణ: పిటిరియాసిస్ రోజియాకు తామర మందు అక్కర్లేదు

మునుపటి పోస్టులో ఉన్న మాట: "నడుం మీద గుండ్రటి మచ్చ వచ్చి, పది రోజులకు ఒళ్లంతా పాకితే తామరే. మందు ఆపకుండా రాయండి." అది తప్పు. అలా పాకేది పిటిరియాసిస్ రోజియా అనే, దానంతటదే తగ్గిపోయే చర్మవ్యాధి కావచ్చు.

తేడా పొట్టులో తెలుస్తుంది. తామరలో పొట్టు మచ్చ బయటి అంచునే ఉంటుంది, మధ్యభాగం తేరుకుంటుంది. పిటిరియాసిస్ రోజియా తొలి మచ్చలో, అంచుకు కాస్త లోపలగా సన్నటి పొట్టు వలయంలా ఉంటుంది. దాని బయటి కొస చర్మానికి అంటుకుని, లోపలి కొస లేచి ఉంటుంది. అనుమానముంటే పొట్టు గీకి, ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్ష చేయిస్తే చాలు, పిటిరియాసిస్ రోజియా అయితే ఫంగస్ కనిపించదు.

ఒకటి రెండు వారాలకు ఛాతీ, వీపు మీద చిన్న కోలమచ్చలు వస్తాయి. వీపు మీదివి పక్కటెముకల వాలు వెంట ఏటవాలుగా పరుచుకుంటాయి.

ఒంట్లో ఎప్పటినుంచో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ 6, 7 రకాల వైరస్‌లు మళ్లీ లేవడం దీనికి కారణం కావచ్చని చాలామంది వైద్యుల అభిప్రాయం. రోగనిరోధక శక్తి వాటిని అణచగానే, సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో, మచ్చలు పోతాయి. తగ్గించిన పేరు మాత్రం అప్పటిదాకా పూసిన మందుకు దక్కుతుంది. చామనఛాయ ఒంటిపై నల్లటి గుర్తులు మాత్రం కొన్ని నెలలుంటాయి.

కొద్దిపాటి దురదకు మాయిశ్చరైజర్ చాలు. అరచేతులు, అరికాళ్లలో మచ్చలొస్తే సిఫిలిస్ పరీక్ష తప్పనిసరి. గర్భిణులు వెంటనే డాక్టరుకు చూపించాలి. మూడు నెలలైనా తగ్గకపోతే అది వేరే జబ్బు కావచ్చు.