లావాదేవీలు లేని స్టేట్‌మెంట్ కూడా స్టేట్‌మెంటే!

బ్యాంకు ఫైల్ పంపింది, అందులో లావాదేవీలు ఒక్కటీ లేవు. మన అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వెంటనే ఎర్ర అక్షరాల్లో "ఇంపోర్ట్ ఫెయిల్డ్" అంటుంది. ఏం ఫెయిలైందండీ? ఆదివారం నాడు పన్నులు కట్టే ఖాతాలో డబ్బు కదలకపోవడం కూడా తప్పేనా?

ఫైల్ ఇలా ఉంటుంది (MT940 ఫార్మాట్, అంకెలు ఉదాహరణకే):

```
:20:STMT229
:25:XXXXXX4521
:28C:229/1
:60F:C250816INR184250,00
:62F:C250817INR184250,00
-
```

28Cలోని 229 స్టేట్‌మెంట్ నంబర్, 60F ప్రారంభ నిల్వ, 62F ముగింపు నిల్వ. లావాదేవీలు రావలసిన :61: లైన్లు లేవు. ఆ ఫార్మాట్‌లో :61: తప్పనిసరి కాదు కాబట్టి బ్యాంకు తప్పేమీ లేదు. చాలాసార్లు తంటా ఎక్కడంటే, ప్రోగ్రామ్ స్టేట్‌మెంట్ తేదీని మొదటి లావాదేవీ నుంచి తీసుకుంటుంది. మొదటిదే లేకపోతే అక్కడే చతికిలబడుతుంది. తేదీ 62F లోనే ఉంది కదా! నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి రోజంతా నడుస్తోంది, యూపీఐ సరేసరి. వసూళ్ల ఖాతాతో టెస్ట్ చేసినవాళ్లకు ఖాళీ రోజు ఎదురై ఉండదు.

"ఏముంది, స్కిప్ చేసేయండి" అంటారు సపోర్ట్‌వాళ్లు. అసలు టెన్షన్ సోమవారం ఫైల్‌తో మొదలవుతుంది. దాని నంబర్ 230. సాఫ్ట్‌వేర్‌లో చివరిది 228. "మధ్యలో స్టేట్‌మెంట్ మిస్సింగ్" అని అదీ ఆగిపోతుంది. అప్పుడెవరో నోట్‌ప్యాడ్‌లో ఫైల్ తెరిచి 230ని 229గా దిద్దుతారు. మర్నాడు 231 వస్తుంది, మళ్లీ దిద్దాలి. బ్యాంకు ఫైల్‌ను చేత్తో మార్చడం మొదలైతే ఆడిటర్‌కు ఏ ఫైల్ చూపించాలి?

చేయాల్సింది ఏమంత కష్టం కాదు. ఖాతా నంబర్ మనదేనా? 60F, నిన్న మనం నిలుపుకున్న ముగింపు నిల్వతో సరిపోయిందా? లావాదేవీలు లేనప్పుడు 60F, 62F మొత్తాలు ఒకటేనా? మూడూ సరిపోతే 229ని సున్నా లైన్లతో సేవ్ చేసి, "లావాదేవీలు లేవు, నిల్వ రూ.1,84,250" అని చూపిస్తే చాలు.

ఎర్ర అక్షరాలు కావాల్సిన చోటు వేరే ఉంది. :61: లైన్లు లేకుండా 62F రూ.1,72,250 అని వచ్చిందనుకోండి. పన్నెండు వేల రూపాయల ఎంట్రీ ఎక్కడో రాలిపోయింది. అప్పుడు ఆపి, బ్యాంకును మళ్లీ ఫైల్ అడగాలి. సున్నా బైట్ల ఫైల్ వస్తే అసలు స్టేట్‌మెంటే రాలేదని లెక్క. విచిత్రమేమిటంటే, ఈ మూడింటికీ కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకే మెసేజ్ ఇస్తాయి.

హెడ్డింగ్ వరుస ఒక్కటే ఉన్న సీఎస్‌వీ ఫైల్ దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్‌ను తిట్టను. నిల్వలే లేని ఫైల్‌లో నిజంగా ఏమీ జరగలేదో, డౌన్‌లోడ్‌లో తేదీ తప్పు పెట్టారో ఎవరూ తేల్చలేరు. నెట్ బ్యాంకింగ్ తెరిచి నిల్వ చూసుకోవడమే దారి.