బాదం పాలా, సోయా పాలా?

“అమ్మకు 62 ఏళ్లు. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర పడదన్నారు. బాదం పాలు మొదలుపెట్టాం, సరిపోతాయా?”

కడుపుకు హాయిగానే ఉంటాయి కానీ, పాలు ఇచ్చే పోషణను అవి భర్తీ చేయవు. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటే, ప్యాకెట్ బాదం పాలలో చాలావరకు నీరే ఉండడం వల్ల ఒక గ్రాము దొరకడమే కష్టం. ఓట్ పాలలో రెండు గ్రాముల వరకు ఉండవచ్చు. అయితే తయారీలో ఓట్స్ పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కనుక మధుమేహం ఉన్నవారు వాటిని ఎంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మాంసకృత్తుల్లో ఆవుపాలకు దగ్గరగా వచ్చేవి సోయా పాలే.

ఎముకల విషయంలో మాత్రం సోయా పాలను కూడా గుడ్డిగా నమ్మకండి. ఇంట్లో సోయా గింజలు నానబెట్టి రుబ్బి తీసిన పాలలో కాల్షియం తక్కువ. అందువల్ల కాల్షియం కలిపినవి, చక్కెర లేనివి కొని, 100 మిల్లీలీటర్లకు దాదాపు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉందో లేదో ప్యాకెట్ వెనుక పట్టికలో చూడండి. ఆ కాల్షియం అడుగుకు చేరుతుంది కాబట్టి, పోసే ముందు ప్రతిసారీ బాగా కుదపాలి.

పెరుగును పూర్తిగా మాన్పించకండి. తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గడమే కాక, అందులోని సూక్ష్మజీవులు మిగిలినదాన్ని అరిగించడానికి కూడా తోడ్పడతాయి. భోజనంతో పాటు రెండు చెంచాలతో మొదలుపెట్టి, ఉబ్బరం రాకపోతే మెల్లగా పెంచండి.