చెంపలో రాసే గ్లూకోజ్ జెల్: ఫార్వర్డ్ మెసేజ్‌లో ఏది తప్పు

"పుట్టిన బిడ్డకు షుగర్ పడిపోతే టెన్షన్ పడొద్దు. వేలి మీద కాస్త గ్లూకోజ్ జెల్ తీసుకుని చెంప లోపల రాస్తే చాలు, కొలతలు అక్కర్లేదు. రాశాక గంట దాకా పాలు పట్టకండి, జెల్ కడుక్కుపోతుంది. జెల్ దొరక్కపోతే తేనె రాసినా అదే పని చేస్తుంది."

ఇందులో నిజం ఒక్కటే, జెల్ పనిచేస్తుందన్నది. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో జరిగిన 'షుగర్ బేబీస్' పరిశోధన 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 35 వారాలు నిండాక పుట్టి, షుగర్ పడిపోయే ముప్పు ఉన్న పిల్లల మీద చేశారు. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, ఉన్న జెల్ ఇచ్చినవాళ్లలో చికిత్స ఫలించనిది 14 శాతం మందిలో, ఉత్తుత్తి జెల్ ఇచ్చినవాళ్లలో 24 శాతం మందిలో. అయితే అక్కడ జెల్‌ను కొలిచి ఇచ్చారు, పాలు తాగించే ప్రయత్నంతో కలిపి ఇచ్చారు.

ముందు కొలత సంగతి. వాడేది 40 శాతం జెల్, అంటే మిల్లీలీటరులో 400 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రోజ్ ఉంటుంది. డోసు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, అంటే అర మిల్లీలీటరు. తల్లికి షుగర్ ఉంది, బిడ్డ బరువు 2.8 కిలోలు, పుట్టిన రెండు గంటలకు మడమ నుంచి తీసిన రక్తంలో షుగర్ 38 వచ్చింది అనుకుందాం. ఈ బిడ్డకు కావలసింది 1.4 మిల్లీలీటర్ల జెల్. 3.6 కిలోల బిడ్డయితే 1.8. వేలి మీద 'కాస్త' అంటే ఒకరి చేతిలో అర మిల్లీలీటరు, ఇంకొకరి చేతిలో రెండు. అందుకే సూది లేని సిరంజిలోకి తీసుకుంటారు. బిడ్డ నోట్లోని చొంగను గాజుగుడ్డతో తుడిచి, గ్లవ్ వేసుకున్న వేలితో చెంప లోపల కొంచెం కొంచెంగా రుద్దుతారు. తుడవకపోతే జెల్ చొంగతో కలిసి పెదవుల మీదుగా జారిపోతుంది, లెక్కపెట్టిన డోసు బిడ్డకు అందదు.

ఆ మెసేజ్‌లో నన్ను ఎక్కువ భయపెట్టేది పాలు ఆపమనడం. పుట్టిన బిడ్డ శరీరం నిమిషానికి కిలోకు సుమారు 4 నుంచి 6 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఖర్చు చేస్తుంది. అంటే కిలోకు 200 మిల్లీగ్రాములు మొత్తం ఒంట్లోకి చేరినా, ఆ సరుకు సుమారు అరగంట నుంచి యాభై నిమిషాలకు సరిపడేదే. గంటసేపు పాలు ఆపితే, జెల్ అయిపోయి పాలు ఇంకా అందని సమయంలో షుగర్ మళ్లీ పడిపోవచ్చు. కడుక్కుపోతుందన్న భయమూ అనవసరం. మింగిన జెల్ పేగుల్లోకి వెళ్లి అక్కడా రక్తంలో కలుస్తుంది. కాబట్టి జెల్ రాసిన వెంటనే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి రొమ్ము పట్టించాలి. పట్టలేకపోతే ముర్రుపాలు పిండి స్పూన్‌తోనో ఉగ్గుగిన్నెతోనో ఇవ్వాలి. షుగర్ బేబీస్ పిల్లల లెక్కలను తర్వాత విడిగా చూసినప్పుడు, తల్లిపాలు తాగినవాళ్లకు రెండోసారి జెల్ అవసరం తక్కువగా పడింది.

రాస్తే చాలు అన్నది కూడా ప్రమాదమే. అరగంటకు మళ్లీ షుగర్ చూడాలి. ఆ చూడడంలోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. జెల్ అంటిన గ్లవ్‌తోనే మడమ పట్టుకుంటే ఆ తీపి రక్తపుబొట్టులో కలిసి మీటర్ ఎక్కువ చూపిస్తుంది. ఇప్పుడే 38 ఉన్న బిడ్డకు అరగంటలో 140 వస్తే సంతోషించే ముందు గ్లవ్ మార్చి, మడమ శుభ్రం చేసి ఆరనిచ్చి, ఇంకో బొట్టు తీయాలి. నిజంగా ఇంకా తక్కువే ఉంటే డాక్టర్ చూసి రెండో డోసు చెబుతారు. ఏ అంకె దగ్గర చికిత్స మొదలుపెట్టాలన్నది ఆసుపత్రిని బట్టి కొంచెం మారుతుంది. షుగర్ బేబీస్‌లో 47 కన్నా తక్కువను తక్కువగా తీసుకున్నారు. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, షుగర్ మరీ అడుగంటినా జెల్‌తో సరిపెట్టుకోకూడదు. నరం ద్వారా 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 2 మిల్లీలీటర్లు, అంటే మన 2.8 కిలోల బిడ్డకు 5.6 మిల్లీలీటర్లు ఇచ్చి, వెంటనే డ్రిప్ కొనసాగిస్తారు.

ఇక తేనె. ఏడాది లోపు పిల్లలకు అది అస్సలు పెట్టకూడదు. తేనెలో ఉండే బాక్టీరియా విత్తులు పసిపిల్లల పేగుల్లో మొలిచి విషం తయారుచేస్తాయి, ఒంట్లో కండరాలు చచ్చుబడతాయి. దీన్నే బోట్యులిజం అంటారు. పుట్టగానే తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి ఈ మాట పెద్దవాళ్లకు నెమ్మదిగా, గట్టిగా చెప్పాలి. పంచదార నీళ్లూ వద్దు. వాటిలో ఎంత గ్లూకోజ్ వెళ్తుందో ఎవరూ చెప్పలేరు, పైగా పాలు పట్టాల్సిన చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతుంది.

ఇంటికి వచ్చాక బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, వణుకుతున్నా, ఒళ్లు చల్లబడినా ఇంట్లో ఏ జెల్ కోసమూ వెతకకండి. చప్పరించగలిగితే తల్లిపాలు పట్టి, గుండెకు హత్తుకుని వెచ్చగా ఉంచుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చప్పరించలేని బిడ్డ నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.