సవరణ: దోమతెర వివరాల్లో నా తప్పు

"156 మెష్ అంటే అంగుళం పొడవులో 156 రంధ్రాలని రాశారు. మా తెర మీద స్కేలు పెట్టి లెక్కపెడితే 12 దాటలేదండీ. మోసపోయామా?"

మోసం కాదండీ, తప్పు నాదే. 156 అనేది చదరపు అంగుళానికి లెక్క. అడ్డంగా అంగుళానికి 12, నిలువుగా 13 ఉంటే 12×13=156. మీ తెరను నిలువుగా కూడా లెక్కపెట్టి చూడండి. దోమకు ఈ నేత చాలు. అంతకంటే చిన్నదైన ఇసుక ఈగ మాత్రం దూరగలదు.

కొలతల్లో ఎత్తు రాయకపోవడం ఇంకా పెద్ద లోపం. మాది 6×4 అడుగుల మంచం, పాలిస్టర్ తెర, ఎత్తు 60 అంగుళాలు. నాలుగు మూలల ఉంగరాలకు తాళ్లు కట్టి గోడ కొక్కేలకు వేలాడదీస్తాం. పరుపు మందం 5 అంగుళాలు, కిందికి దోపడానికి 9 పోగా పైన మిగిలేది 46. లేచి కూర్చున్నా తల తగలదు. వెడల్పు మాత్రం మంచానికి సరిసమానంగా తీసుకోకండి. నిద్రలో మోచేయి తెరకు ఆనితే దోమ బయటినుంచే కుడుతుంది. అరడుగైనా ఎక్కువ ఉండాలి.