కోల్డ్ స్టోరేజీ మిర్చిని యాప్‌లో అమ్మాలనుకున్నాం: ఎందుకు నిలవలేదంటే

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలో ఉన్న మిర్చిని రైతు మార్కెట్ యార్డుకు తీసుకురాకుండానే నేరుగా కారం మిల్లులకూ ఎగుమతిదారులకూ అమ్ముకునేందుకు మేము తయారుచేసిన యాప్‌ను ఈ సీజన్‌తో మూసివేశాము. రైతుల బాకీలన్నీ తీర్చాము. ఈ రంగంలోకి రావాలనుకునేవారు చాలామంది ఉన్నారు కనుక, అది ఎక్కడ తెగిపోయిందో వివరంగా రాయడం అవసరమని భావిస్తున్నాను.

మా ఆలోచన సులభమైనదే. కమీషన్ వ్యాపారి మధ్యలో లేకపోతే ఆ సొమ్ము రైతుకూ కొనుగోలుదారుకూ మిగులుతుంది. కోల్డ్ స్టోరేజీలోనే శాంపిల్ తీసి, తేమ కొలిచి, ఫోటోలతో యాప్‌లో పెడతాము. కొనేవారు ధర చెబుతారు. రైతు ఒప్పుకుంటే లారీ వస్తుంది. అంకెలలో ఇది ఎంత ఆకర్షణీయంగా ఉంటుందో చూడండి. ఉదాహరణకు నలభై కిలోల బస్తాలు, అంటే టిక్కీలు, వంద ఉన్నాయనుకుందాం, అంటే 40 క్వింటాళ్లు. క్వింటా 15,000 రూపాయలైతే సరుకు విలువ ఆరు లక్షలు. కమీషన్ నూటికి రెండు రూపాయలు అనుకుంటే 12,000 మిగలాలి.

కానీ కొనుగోలుదారు డబ్బు వెంటనే ఇవ్వడు. యార్డులో అతనికి రెండు మూడు వారాల అప్పు అలవాటు. ఆలోగా రైతుకు సొమ్ము సర్దేది కమీషన్ వ్యాపారి. ఆరు లక్షలకు నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ చొప్పున ఇరవై రోజులకు 6,000 అవుతుంది. అంటే మిగులులో సగం ఆ గడువుకే సరిపోతుంది. పైగా కొనుగోలుదారు ఎగ్గొడితే నష్టం భరించేది కూడా ఆ వ్యాపారే. మేము మధ్యవర్తిగా మాత్రమే చూసిన వ్యక్తి నిజానికి రైతుకు అప్పు ఇచ్చేవాడు, కొనేవాడికి గడువు ఇచ్చేవాడు, ఇద్దరికీ పూచీ ఉండేవాడు. ఆ మూడు పనులకూ పెట్టుబడి కావాలి; మా దగ్గర ఉన్నది సాఫ్ట్‌వేరు. ముందుగా చెల్లించే కొనుగోలుదారులు దొరికారు కానీ, వారు ధరను ఆ మేరకు తగ్గించే అడిగారు.

రెండో చిక్కు సరుకులోనే ఉంది. మిర్చి ధరను నిర్ణయించేది టిక్కీ విప్పి, లోపలికి చేయి పెట్టి చూసే పద్ధతి. ఒకే రైతు లాటులో మొదటి కోత కాయా మూడో కోత కాయా కలిసి ఉండవచ్చు. తొలి కోతలో ఉన్న మెరుపు తర్వాతి కోతల్లో తగ్గుతుంది, రంగు పోయిన తాలు కాయ పెరుగుతుంది. కాయ విరగకుండా నింపే ముందు నీళ్లు చల్లుతారు కనుక తేమ కూడా బస్తాకొక తీరుగా ఉంటుంది. నాలుగు టిక్కీల శాంపిల్ వంద టిక్కీలకు హామీ ఇవ్వలేదు. లారీ వచ్చాక కొనుగోలుదారు క్వింటాకు 500 తగ్గించమంటే 40 క్వింటాళ్లకు 20,000 పోతుంది. అప్పటికే దించిన సరుకును మళ్లీ లోపల పెట్టడానికి హమాలీ ఖర్చు ఉంటుంది కనుక రైతు ఒప్పుకోక తప్పదు. అదే వాదన యార్డులో జరిగితే, రైతు పక్షాన నిలబడి మాట్లాడే కమీషన్ వ్యాపారి ఉంటాడు, పక్క షాపుకు వెళ్లే వీలు ఉంటుంది.

మూడోది, చాలా సరుకు అసలు స్వేచ్ఛగా అమ్మగలిగే స్థితిలో లేదు. విత్తనాలకూ పురుగుమందులకూ ముందే తీసుకున్న డబ్బుకు ఆ పంట కట్టుబడి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ రసీదు మీద బ్యాంకు రుణం ఉంటే ఆ రుణం తీరేదాకా బస్తాలు బయటకు రావు. ధర కుదిరిన తర్వాత ఈ సంగతి తెలిసిన ఒప్పందాలు మాకు చాలా ఎదురయ్యాయి. రైతు దాచాడని అనడం అన్యాయం. ఆ ప్రశ్న మా ఫారంలోనే లేదు.

ఈ లక్షణాలు మొదటి సీజన్‌లోనే కనిపించాయి. యాప్‌ను ఉదయాన్నే తెరిచేవారు ఎందరో ఉండేవారు, కానీ వారు చూసేది ఆనాటి తేజ, 341 రకాల మిర్చి ధరలు. ఆ ధర చూపించి తమ వ్యాపారితో బేరమాడేవారు. అది వారికి నిజంగా ఉపయోగపడింది, అందుకు నాకు సంతోషమే. అయితే వాట్సాప్ గ్రూపుల్లో ఉచితంగా వచ్చే సమాచారానికి ఎవరూ డబ్బు చెల్లించరు. ఇలాంటి వ్యాపారంలో డౌన్‌లోడ్ల సంఖ్య కన్నా రెండు అంకెలు ముఖ్యం: యాప్‌లో ఒప్పుకున్న ధరకూ చివరికి చేతికి వచ్చిన ధరకూ ఉన్న తేడా, ఒకసారి అమ్మిన రైతు రెండో లాటు మళ్లీ మన దగ్గరే అమ్మాడా లేదా అన్నది. మా దగ్గర మొదటిది తగ్గలేదు, రెండోది పెరగలేదు.

కమీషన్ వ్యాపారిని తొలగించడం కాక, అతని ఖాతాలూ రుణ వసూళ్లూ సులువు చేసే దిశగా వెళ్లి ఉంటే నిలబడేదేమోనని కొందరు అంటున్నారు. కావచ్చు. కానీ అది రైతు బేరాన్ని బలపరచే వస్తువు కాదు; నేను కట్టదలచుకున్నది అది కాదు. మేము సేకరించిన శాంపిల్ రికార్డులు, అంటే తేమ, తాలు శాతం, యాప్ ధర, చెల్లించిన ధర, రైతుల పేర్లు తొలగించి సిద్ధం చేశాము. ఈ రంగంలో పనిచేస్తున్నవారు సందేశం పంపితే ఇస్తాను.