తేల్చుకోలేని పిల్లలకు రెండు వారాల గడువు

పదో తరగతి ఫలితాలు రాగానే కర్నూలు, అనంతపురం, కడపల్లో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే. 'ఏమీ తేలకపోతే ఎంపీసీలో చేర్పించండి, తర్వాత ఎటైనా పోవచ్చు.' ఈ మాటలో సగం నిజం ఉంది. ఎంపీసీ చదివినవారు ఇంజినీరింగ్‌కే కాదు, బీకాంకు, బీఏకు, లాసెట్ రాసి ఐదేళ్ల న్యాయవిద్యకు, సీఏ ఫౌండేషన్‌కు కూడా వెళ్లవచ్చు. సీఈసీ, హెచ్ఈసీ చదివినవారు మాత్రం బీటెక్ వైపు గానీ, ఎంబీబీఎస్ వైపు గానీ తిరగలేరు. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి అక్కడ ఇంటర్ గ్రూపు అడ్డురాదు.

మిగతా సగమే పిల్లల్ని ముంచుతోంది. దారులు తెరిచి ఉండాలంటే ముందు ఆ గ్రూపులో గట్టెక్కాలి. లెక్కలు, ఫిజిక్స్ రెండూ తప్పి, సప్లిమెంటరీలో అత్తెసరు మార్కులతో బయటపడిన విద్యార్థికి ఇంజినీరింగ్ దారి పేరుకే ఉంటుంది. సీఈసీలో ఇష్టంగా చదివి ఉంటే దక్కే రెండేళ్ల పునాది కూడా పోతుంది.

ఆదోనిలో ఒక అమ్మాయిని ఊహించుకుందాం. తెలుగులో 90, సోషల్‌లో 86, సైన్స్‌లో 64, లెక్కల్లో 58 వచ్చాయి. ఏం చదవాలో తనకే తెలియదు. ఇక్కడ 58 అన్న అంకె కన్నా అది ఎలా వచ్చిందన్నదే ముఖ్యం. పుస్తకంలోని లెక్కలు యథాతథంగా వస్తే రాసి, అంకెలు మార్చి ఇస్తే వదిలేసిందా? దారి సరిగ్గానే పట్టి, చివర కూడికల్లో తప్పిందా? మొదటిదైతే ఎంపీసీ బరువవుతుంది. రెండోదైతే సాధనతో సరిదిద్దుకోవచ్చు. బడిలో లెక్కల టీచరును ఈ ఒక్క ప్రశ్న అడిగితే సూటిగా చెబుతారు.

ఆ తర్వాత కాలేజీలో చేరేముందు రెండు వారాలు కేటాయించాలి. పై తరగతి వారి దగ్గర ఇంటర్ మొదటి ఏడాది పుస్తకాలు అడిగి తెచ్చుకుంటే చాలు, ఖర్చేమీ ఉండదు. లెక్కల్లో సరళరేఖల పాఠం, జీవశాస్త్రంలో కణం పాఠం, కామర్స్‌లో చిట్టా పద్దులు, అర్థశాస్త్రంలో డిమాండ్ పాఠం తీసుకుని, ఒక్కోదానికి మూడు రోజుల చొప్పున రోజుకు గంటన్నర కూర్చోవాలి.

చిట్టా పద్దు అంటే ఏమిటో చాలామంది పిల్లలకు పదో తరగతి దాకా తెలిసే అవకాశమే లేదు. ఆదోని యార్డులో ఒక వ్యాపారి రామయ్య దగ్గర 40,000 రూపాయల పత్తి అరువు మీద కొన్నాడనుకుందాం. కొనుగోళ్ల ఖాతాకు డెబిట్, రామయ్య ఖాతాకు క్రెడిట్ రాయాలి. వారం తర్వాత 15,000 నగదు ఇస్తే రామయ్య ఖాతాకు డెబిట్, నగదు ఖాతాకు క్రెడిట్. రామయ్యకు ఇంకా ఇవ్వాల్సింది 25,000. 'డబ్బు చేతులు మారకుండానే రామయ్య ఖాతాలో ఎందుకు రాశాం?' అని పిల్ల తనంతట తాను అడిగితే ఆ సబ్జెక్టు పట్టుకున్నట్టే. సూత్రం బట్టీపట్టి రాసేసి పుస్తకం మూసేస్తే పట్టుకోనట్టే.

ఈ పరీక్షలో చూడాల్సింది ఎన్ని జవాబులు సరైనవని కాదు. కొత్త పాఠం ఎవరికైనా మొదట చిక్కుపడుతుంది. చిక్కుపడిన చోటికి మర్నాడు ఎవరూ చెప్పకుండా తిరిగి వెళ్లారా అన్నదే గుర్తు. నాలుగింటిలో ఒకదానికైనా చాలామంది అలా తిరిగి వెళ్తారు.

లెక్కల నుంచి తప్పించుకోవడానికి కామర్స్‌లో చేరాలనుకునేవారికి ఒక హెచ్చరిక. సీఏ ఫౌండేషన్‌లో లెక్కలు, తర్కం, గణాంకాలతో వంద మార్కుల పేపరు ఉంటుంది. అందులో కనీసం 40 రావాలి, అన్ని పేపర్లూ కలిపి సగం మార్కులు రావాలి. సీఏ మనసులో ఉండి లెక్కలు ఫర్వాలేదనుకునేవారికి సీఈసీ కన్నా లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ ఉండే ఎంఈసీ మేలు. అయితే చిన్న పట్టణాల్లో ఎంఈసీ ఉన్న కాలేజీలు తక్కువ. బోర్డు మీద గ్రూపు పేరుంటే సరిపోదు, కామర్స్ చెప్పే అధ్యాపకులు ఉన్నారా అని వెళ్లి అడగాలి.

లెక్కలతో పాటు జీవశాస్త్రమూ చదివే ఎంబైపీసీ వెసులుబాటు ఇప్పుడు ఉంది. తేల్చుకోలేని పిల్లలకు రెండూ అంటగట్టడం పరిష్కారం కాదని మా అభిప్రాయం. లెక్కల్లో ఇప్పటికే తడబడుతున్నవారికి అది అదనపు భారమే. రెండు సబ్జెక్టుల్లోనూ చురుగ్గా ఉండి, మెడిసినా ఇంజినీరింగా అన్నదే సందేహమైన వారికి మాత్రం అది పనికొస్తుంది.

ఇక ఫీజు సంగతి. గ్రూపు తప్పని తెలిసినా పిల్లలు అందులోనే ఉండిపోవడానికి పెద్ద కారణం ఏడాది ఫీజు ముందే కట్టేయడం. కట్టింది వెనక్కి రాదన్న భయంతో తల్లిదండ్రులు మార్పుకు ఒప్పుకోరు. అందుకే మొదటి వాయిదా మాత్రమే కట్టి, గ్రూపు మారితే ఫీజు ఏమవుతుందో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు ఇస్తారో చేర్చేనాడే కాగితం మీద రాయించుకోవాలి. మొదటి యూనిట్ పరీక్షల మార్కులు రాగానే మరోసారి కూర్చుని చూడాలి. అప్పుడు మారితే కొన్ని వారాల పాఠాలే పోతాయి, మొదటి ఏడాది పరీక్షలు రాశాక మారాలంటే ఏడాది పోతుంది.